నాలుగు చోట్ల అద్దెలు, నెలకో సారాంశం: బాకీ మొత్తం ఎందుకు పెరిగినట్టు కనిపిస్తోంది?

పద్దులపిల్ల:
మా పెద్దనాన్నకు నాలుగు చోట్ల ఆస్తులున్నాయి. మూడు ఇళ్లు, ఒక షాపుల వరస, అన్నీ కలిపి 19 పోర్షన్లు. కొందరి అద్దె బ్యాంకులో పడుతుంది, కొందరు చేతికిస్తారు. ప్రతి నెలాఖరుకీ ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎవరి దగ్గర ఎంత నిలిచింది అని ఒక్క పేజీలో ఆయనకు చెప్పడం నా పని.

ఇప్పుడున్న షీట్‌లో నిలువుగా పోర్షన్లు, అడ్డంగా నెలలు ఉన్నాయి. గడిలో వచ్చిన మొత్తం వేస్తాను. చివర్లో రావాల్సిన దాంట్లోంచి వచ్చింది తీసేస్తే బాకీ. పోయిన నెల బాకీ 41,000 అని చెప్పాను. ఈ నెల 46,500 వచ్చింది. కొత్తగా ఎవరూ అద్దె ఆపలేదు, పైగా పాత బాకీలో కొంత వసూలైంది కూడా. "మరి పెరగడమేంటి?" అని పెద్దనాన్న అడిగారు. కూడికలు మళ్లీ మళ్లీ చూశాను, అవి సరిగానే ఉన్నాయి. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

తాళంచెవి:
అమ్మాయ్, ఇంత టెన్షన్ ఎందుకు? నేను ఏళ్ల తరబడి అదే గళ్ల షీట్ వాడుతున్నా. కట్టినవాళ్లకు ఆకుపచ్చ, సగం కట్టినవాళ్లకు పసుపు, కట్టనివాళ్లకు ఎరుపు. షీట్ తెరవగానే ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిపోతుంది. మొత్తాలు ఎవరికి కావాలి?

పద్దులపిల్ల:
బాబాయ్ గారూ, మొత్తాలు పెద్దనాన్నకే కావాలండీ. ఆ రంగులేమో మామూలు ఫార్ములాలకు అందవు. పసుపు గడిలో ఎంత తక్కువైందో మళ్లీ చేత్తోనే కూడుకోవాలి.

సున్నాశేషం:
మీరు చేస్తున్నది సరైనదే. మొదటి నుంచి రావాల్సిందంతా కూడండి, వచ్చిందంతా తీసేయండి, మిగిలిందే బాకీ. 46,500 వచ్చిందంటే బాకీ అంతే. పోయిన నెలే ఎక్కడో తప్పు చెప్పి ఉంటారు.

నిలవలెక్క:
సున్నాశేషం గారి తీసివేత ఒక్కొక్కరి విషయంలో సరైనదే. అందరినీ కలిపి ఒకే అంకెగా చెప్పినప్పుడే తేడా వస్తుంది. పద్దులపిల్ల గారూ, ఒక్కటి చెప్పండి. పోయిన నెలాఖరుకు ఎవరైనా ముందుగానే అద్దె కట్టేసి ఉన్నారా?

పద్దులపిల్ల:
ఉన్నారండీ. షాపుల్లో ఒకాయన ఊరెళ్తూ ఈ నెల అద్దె 12,000 పోయిన నెల చివర్లోనే ఇచ్చేశారు. అందుకే ఈ నెల ఆయన దగ్గర్నుంచి ఏమీ రాలేదు. అది ఆపినట్టు కాదు కదా?

నిలవలెక్క:
ఆపినట్టు కాదు. మీ చిక్కంతా ఆ 12,000 లోనే ఉంది. పోయిన నెలాఖరున మీకు నిజంగా రావాల్సిన బాకీ 53,000. ఆయన ముందుగా కట్టిన 12,000 మీ మొత్తంలో మైనస్‌గా చేరి, దాన్ని 41,000 చేసింది. ఒకరు ముందుగా కట్టిన డబ్బుతో ఇంకొకరి బాకీ తీరదు కదా! కానీ మీ కూడికలో జరిగింది అదే.

ఈ నెల ఆయన అద్దె పద్దు పడింది, ముందు ఇచ్చిన డబ్బు దానికి సరిపోయింది, మైనస్ పోయింది. పాత బాకీలో 6,500 వసూలై ఉంటే 53,000 కాస్తా 46,500 అవ్వాలి. అంటే బాకీ తగ్గింది, కాగితం మీద మాత్రం పెరిగినట్టు కనిపించింది.

పద్దులపిల్ల:
వసూలైంది సరిగ్గా 6,500 ఏ!! ఇద్దరి దగ్గర్నుంచి, 4,000 ఒకరు, 2,500 ఇంకొకరు.

నిలవలెక్క:
అయితే సారాంశంలో బాకీ అనీ, ముందుగా అందింది అనీ రెండు అంకెలు విడివిడిగా చూపించండి. ఆ రెంటినీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేయొద్దు.

ఇంకో మాట. గళ్ల షీట్‌ను మానేయమని నా సలహా. అందులో ఒక్క గడే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వస్తుంది: ఈ డబ్బు ఏ నెల అద్దె కింద, ఏ నెలలో చేతికొచ్చింది? మార్చి అద్దె ఏప్రిల్ 9న వస్తే ఏ గడిలో వేస్తారు? మార్చిలో వేస్తే ఏప్రిల్ వసూలు బ్యాంకుతో కలవదు. ఏప్రిల్‌లో వేస్తే మార్చి గడి ఎప్పటికీ ఎర్రగానే ఉంటుంది.

అందుకని రెండు షీట్లు పెట్టండి. `Dues` లో రావాల్సినవి: తేదీ, కోడ్, దేని కింద, మొత్తం. అద్దె గడువు రోజున ఒక్కొక్కరికి ఒక వరస. `Receipts` లో వచ్చినవి: డబ్బు అందిన తేదీ, కోడ్, ఎలా వచ్చింది, మొత్తం. ఒకే అద్దె మూడు విడతల్లో ఇస్తే మూడు వరసలు. రెండింట్లోనూ ఎవరి పద్దునూ దిద్దకూడదు, కింద కొత్త వరస చేర్చడమే.

సారాంశం షీట్‌లో `B1` లో నెల మొదటి తేదీ వేయండి. 4వ వరస నుంచి `A` నిలువులో కోడ్‌లు. తర్వాత వరసగా పాత నిలవ, ఈ నెల పద్దు, ఈ నెల జమ, ఆఖరి నిలవ.

```
B4: =SUMIFS(Dues!D:D,Dues!B:B,$A4,Dues!A:A,"<"&$B$1)-SUMIFS(Receipts!D:D,Receipts!B:B,$A4,Receipts!A:A,"<"&$B$1)
C4: =SUMIFS(Dues!D:D,Dues!B:B,$A4,Dues!A:A,">="&$B$1,Dues!A:A,"<"&EDATE($B$1,1))
D4: =SUMIFS(Receipts!D:D,Receipts!B:B,$A4,Receipts!A:A,">="&$B$1,Receipts!A:A,"<"&EDATE($B$1,1))
E4: =B4+C4-D4
```

బాకీ మొత్తానికి, ముందుగా అందిన మొత్తానికి వేరువేరుగా:

```
=SUMIF(E4:E40,">0")
=-SUMIF(E4:E40,"<0")
```

నెల మారినప్పుడు `B1` లో తేదీ మారిస్తే చాలు.

సున్నాశేషం:
`EDATE` ఎందుకండీ, `"<="&EOMONTH($B$1,0)` అంటే నెలాఖరు తేదీ వచ్చేస్తుందిగా?

నిలవలెక్క:
మీరే చేత్తో తేదీలు కొడితే రెండూ ఒకటే. బ్యాంకు నుంచి దించుకున్న జాబితాలో తేదీతో పాటు సమయం కూడా ఉంటే మాత్రం ఇబ్బంది. `EOMONTH` ఇచ్చేది ఆఖరి రోజు అర్ధరాత్రి మొదలైన క్షణం. 31న పొద్దున 10 గంటలకు వచ్చిన డబ్బు దానికన్నా పెద్దది కాబట్టి ఈ నెల లెక్కలోకి రాదు. వచ్చే నెల 1వ తేదీ కన్నా ముందువన్నీ అంటే ఆ గొడవ ఉండదు. అద్దెలు నెలాఖరులోనే ఎక్కువగా పడతాయి కనుక ఇది చిన్న విషయం కాదు.

కొత్తకాపురం:
నేను అద్దెకుండేవాణ్ణి, ఇక్కడ మాట్లాడొచ్చో లేదో. మా ఓనర్ గారు ఈ మధ్య రెండు నెలల బాకీ ఉందని మెసేజ్ పెట్టారు. నేనెప్పుడూ రెండు నెలలు ఆపలేదు. ఒక నెల కొంచెం తగ్గించి ఇచ్చాను, మళ్లీ మొన్న కొంచెం తగ్గింది. వాళ్ల లెక్క ఎలా వేస్తారో నాకు అర్థం కావట్లేదు. ఆయన మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

తాళంచెవి:
ఫిర్యాదు దాకా ఎందుకు బాబూ, వెళ్లి రసీదులు చూపించు.

నిలవలెక్క:
ఫిర్యాదు సంగతి నేను చెప్పలేను గానీ, రెండు నెలలు అనే మాట ఎలా పుడుతుందో చెప్తాను. పద్దులపిల్ల గారికీ ఇది పనికొస్తుంది.

అద్దె 12,000 అనుకోండి. ఫిబ్రవరిలో 7,000 ఇచ్చారు, 5,000 నిలిచింది. మార్చిలో పూర్తిగా 12,000 ఇచ్చారు. ఏప్రిల్‌లో 10,000 ఇచ్చారు. ఆఖరి నిలవ 7,000. దీంట్లో ఎవరికీ పేచీ లేదు.

ఆ 7,000 ఏ నెలది అన్న దగ్గరే మాట తేడా వస్తుంది. గళ్ల షీట్‌లో చూస్తే ఫిబ్రవరి పసుపు, ఏప్రిల్ పసుపు. కాబట్టి ఓనర్ "రెండు నెలల బాకీ" అంటారు. ఫిబ్రవరి 5,000 మూడు నెలలుగా నిలిచినట్టు లెక్క. అదే, వచ్చిన డబ్బు ముందు పాత బాకీకి జమ అనుకుంటే మార్చిలో ఇచ్చిన 12,000లో 5,000 ఫిబ్రవరికి పోయింది. మార్చికి 5,000 తగ్గింది. ఏప్రిల్‌లో ఇచ్చిన 10,000లో 5,000 మార్చికి, మిగతా 5,000 ఏప్రిల్‌కి పోయాయి. అంటే మిగిలిన 7,000 మొత్తం ఏప్రిల్ అద్దెలోదే. ఒక్క నెల బాకీ, అదీ పూర్తి అద్దె కాదు.

బాకీ అదే అయినా వయసు మారిపోయింది. ఆలస్య రుసుము వేసేవాళ్లకు, నోటీసు ఇవ్వాలనుకునేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

పాత బాకీకి ముందు జమ అనే పద్ధతి పెట్టుకుంటే దానికోసం ఏ రసీదు ఏ నెలకు అని జత కలపక్కర్లేదు. ఆఖరి నిలవలోంచి ఈ నెల పద్దు తీసేయండి. ఏమైనా మిగిలితే అదే పాతది.

```
F4: =MAX(0,E4-C4)
```

ఏప్రిల్‌లో 7,000 లోంచి 12,000 తీస్తే సున్నా కన్నా తక్కువ, అంటే పాత బాకీ లేదు. మేలో అస్సలు కట్టకపోతే నిలవ 19,000 అవుతుంది. అందులోంచి మే పద్దు 12,000 తీస్తే 7,000 పాతది. నేనైతే ఓనర్‌కి ఇచ్చే పేజీలో ఈ `F` నిలువును బట్టి పెద్దది పైన వచ్చేలా సర్దుతాను. ఎవరికి ముందు ఫోన్ చేయాలో తాళంచెవి గారి రంగుల కన్నా ఇదే బాగా చెబుతుంది.

తాళంచెవి:
సరే, ఆ మాట ఒప్పుకుంటా. రంగులకు వయసు తెలియదు. కానీ ఇచ్చేవాడు "ఇది మార్చి అద్దె" అని రాసి పంపితే?

నిలవలెక్క:
అప్పుడు దాన్ని మార్చి కిందే చూడటం న్యాయం. ఇచ్చేవాళ్లు నెల పేరు చెప్పి ఇచ్చిన డబ్బును మనకు నచ్చిన బాకీకి మళ్లిస్తే రేపు గొడవకొచ్చినప్పుడు మన మాట నిలవడం కష్టం. నా `F` ఫార్ములా అక్కడ పనికిరాదు. అలాంటివాళ్లు ఒకరిద్దరే ఉంటే వాళ్ల వరసకు పక్కన ఒక గమనిక రాసుకుంటాను. సగంమంది అలాగే ఉంటే `Receipts` లో "ఏ నెలకు" అని ఇంకో నిలువు పెట్టుకోక తప్పదు.

కొత్తకాపురం:
నా లెక్క అచ్చం ఇలాగే ఉందండీ. ఆయనకు ఇది చూపిస్తాను. ఏ నెలకు అని నేనెప్పుడూ రాయలేదు మరి, మామూలుగా పంపేయడమే.

రాతిగుమ్మం:
నాదింకో రకం తలనొప్పి. నాకు ఆరు షాపులు. ఒకాయన షట్టర్ బాగు చేయించి, ఆ 3,000 మినహాయించి అద్దె పంపాడు. మొదటి నెల బాకీ అని చూపించింది. అందుకని ఆ నెల అద్దెనే 3,000 తగ్గించి రాశాను. ఇప్పుడు సంవత్సరం అద్దె ఎంత వచ్చిందో చూస్తే తక్కువ కనిపిస్తోంది, మరమ్మతు ఖర్చేమో ఎక్కడా కనిపించట్లేదు.

నిలవలెక్క:
అద్దె పద్దును తగ్గించొద్దు. అద్దె 12,000 అయితే 12,000 అనే ఉండాలి. `Receipts` లో రెండు వరసలు వేయండి. 9,000 బ్యాంకు, 3,000 సర్దుబాటు. ఆ 3,000 ఖర్చుల చిట్టాలో మరమ్మతు కింద కూడా రాయండి. అతని బాకీ తీరిపోతుంది, అద్దె పూర్తిగా కనిపిస్తుంది, ఖర్చూ కనిపిస్తుంది. మీరు ఒప్పుకోని మరమ్మతైతే మాత్రం సర్దుబాటు వేయకండి, మాట తేలేదాకా అది బాకీగానే ఉండనివ్వండి.

రాతిగుమ్మం:
ఒప్పుకోలేదు ఒప్పుకున్నాను, రెండూ. సగం ఇస్తానన్నాను. అతనేమో మొత్తం పట్టేశాడు.

తాళంచెవి:
అయితే 1,500 సర్దుబాటు, 1,500 బాకీ. ఆ 1,500 ఎప్పటికీ రాదు, అది వేరే విషయం.

పద్దులపిల్ల:
రెండు షీట్లుగా మార్చేశాను. ఈ నెలది ఇలా వచ్చింది: పాత నిలవ 41,000 (బాకీ 53,000, ముందుగా అందింది 12,000), ఈ నెల పద్దు 2,08,000, జమ 2,02,500, ఆఖరి నిలవ 46,500. ఇప్పుడు ముందుగా అందింది సున్నా. పెద్దనాన్నకు చూపిస్తే వెంటనే అర్థమైంది.

కానీ మొదటిసారి జమ 1,93,500 అని చూపించింది. 9,000 ఎక్కడికో పోయింది. వెతికితే ఒకరి కోడ్ చివర ఒక ఖాళీ పడి ఉంది. ఇలాంటివి ముందే పట్టుకునే దారి ఉందా?

నిలవలెక్క:
ఉంది, అది లేకుండా ఈ షీట్‌ను నమ్మకూడదు కూడా. `SUMIFS` కి కోడ్ దొరక్కపోతే తప్పు అని అరవదు, ఊరికే వదిలేస్తుంది. కాబట్టి కోడ్‌ను పట్టించుకోకుండా ఆ నెల `Receipts` మొత్తం ఒకటి కూడండి. అది `D` నిలువు మొత్తంతో కలవాలి. కలవకపోతే ఏదో ఒక వరస దిక్కులేకుండా ఉందన్నమాట. `Dues` కి కూడా ఇదే తనిఖీ పెట్టండి.

ఈ తనిఖీకి కూడా దొరకనిది ఒకటుంది. తేదీ మామూలు అక్షరాలుగా పడిపోతే రెండు మొత్తాల్లోంచీ అది జారిపోతుంది. మీరు ప్రత్యేకంగా సర్దకపోతే, నిజమైన తేదీ గడిలో కుడివైపుకు, అక్షరాలుగా పడ్డది ఎడమవైపుకు ఉంటుంది. అయితే కంటిని నమ్ముకోవడం కన్నా బ్యాంకుతో పోల్చడం మేలు. మీ 2,02,500లో బ్యాంకు ఎంత, చేతికి ఎంత?

పద్దులపిల్ల:
బ్యాంకు 1,71,500. చేతికి 28,000. ఒక ఇంట్లో మోటారు బాగు చేయించి పట్టుకున్నది 3,000, అది సర్దుబాటుగా వేశాను. మొత్తం 2,02,500. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అద్దెలుగా పడినవి కూడితే 1,71,500 ఏ వచ్చింది.

నిలవలెక్క:
అయితే ఈ నెల జమ గట్టిదే. డిపాజిట్లు మాత్రం ఇందులో కలపకండి. కొత్తవాళ్లు చేరిన రోజున డిపాజిట్, మొదటి అద్దె కలిపి ఒకేసారి పంపుతారు. అది బ్యాంకులో ఒకే వరసగా కనిపిస్తుంది, మీరు విడగొట్టి రాయాలి. డిపాజిట్ తిరిగి ఇవ్వాల్సిన డబ్బు, దాన్ని వేరే షీట్‌లో ఉంచండి. జమలో కలిపితే వాళ్లు నెలల తరబడి అద్దె ముందే కట్టినట్టు కనిపిస్తారు.

సున్నాశేషం:
ఒక సందేహం. నేను ఫిబ్రవరి సారాంశం పంపేశాక, ఫిబ్రవరి 28న పడిన ఒక జమ మార్చి 4న కంటపడింది. ఫిబ్రవరి తేదీతో వేస్తే నేను పంపిన కాగితానికీ షీట్‌కీ తేడా వస్తుంది. మార్చి తేదీతో వేస్తే బ్యాంకుతో తేడా.

నిలవలెక్క:
నేను అసలు తేదీతోనే వేస్తాను. సారాంశం పంపిన రోజున ఆఖరి నిలవలను ఫార్ములాలు లేకుండా విలువలుగా ఒక పక్కన అతికించి ఉంచుతాను. వచ్చే నెల పాత నిలవ దానితో కలవకపోతే, "పోయిన నెల 8,000 ఆలస్యంగా కంటపడింది" అని ఒక వాక్యం రాస్తాను. ఓనర్లకు తేడా వస్తే కోపం రాదు, కారణం చెప్పకపోతే వస్తుంది.

రాతిగుమ్మం:
మా ఆడిటర్ దీనికి ఒప్పుకోరు. మూసేసిన నెలను ముట్టుకోవద్దంటారు, కొత్త నెలలోనే వేయమంటారు.

నిలవలెక్క:
పన్ను లెక్కలకు మీరు ఆయన మాటే వినండి. నేను చెప్పింది ఓనర్ చూసుకునే కాగితం గురించి.

పద్దులపిల్ల:
ఇంకొక్కటి మిగిలింది. మేడ మీద పోర్షన్‌లో పాతవాళ్లు 9,500 బాకీతో ఖాళీ చేశారు. ఆ పోర్షన్‌కే కొత్తవాళ్లు వచ్చారు. వాళ్ల మొదటి నెల అద్దె పాత బాకీకి జమ అయిపోతోంది!

నిలవలెక్క:
కోడ్ పోర్షన్‌ది కాకుండా ఆ ఒప్పందానిది అయ్యుండాలి. పోర్షన్ M2 అయితే పాతవాళ్లు `M2-a`, కొత్తవాళ్లు `M2-b`. పాత పద్దులన్నిటికీ `M2-a` అని మార్చేయండి. దిద్దొద్దన్నాను గానీ ఈ ఒక్కసారికి తప్పదు. పాతవాళ్ల డిపాజిట్ ఇంకా మీ దగ్గరే ఉంటే అందులోంచి 9,500 సర్దుబాటుగా జమ వేసి, డిపాజిట్ షీట్‌లో అంత తగ్గించండి.

పద్దులపిల్ల:
డిపాజిట్ పెద్దనాన్న వాళ్లకు తిరిగిచ్చేశారండీ. పిల్లల ఫీజు కట్టాలన్నారట.

తాళంచెవి:
అయితే మొత్తంలోంచి తీసెయ్. రాని డబ్బును నెలనెలా చూసి ఏం లాభం?

రాతిగుమ్మం:
తీయొద్దు. నాకు ఒకాయన ఖాళీ చేసిన తర్వాతి సంవత్సరం తెచ్చి ఇచ్చాడు. కాగితం మీద పేరు ఉంది కాబట్టే అడగగలిగాను.

నిలవలెక్క:
ఉంటున్నవాళ్ల బాకీ, ఖాళీ చేసినవాళ్ల బాకీ రెండు వేరు వరసల్లో చూపించమనే నేను అంటాను. ఎన్నాళ్లు చూపించాలన్నది మీ పెద్దనాన్న ఇష్టం.

పద్దులపిల్ల:
అడిగాను. "ఉండనీ, ఇస్తారు" అన్నారు. వేరే వరసలో పెట్టాను. ఉంటున్నవాళ్ల బాకీ ఇప్పుడు 37,000.